ఏ పంట మిగిల్చింది, ఏ పంట మింగింది: లాభనష్టాల పట్టీ చదివే పాఠం



ఈ వారం పాఠం పురుగుల గురించి కాదు, కాగితం గురించి. బ్యాంకులో షెడ్డు లోనుకు పోయినప్పుడు లాభనష్టాల పట్టీ అడుగుతారు. లెక్కలు రాసే ఆయన దగ్గరికి పోతాము, ఆయన ఒక పేజీ రాసి ఇస్తాడు, మనం కింద చివరి గీత దగ్గర ఉన్న అంకె చూసి సంతకం పెట్టి వచ్చేస్తాము. ఆ చివరి అంకె సంవత్సరం మొత్తానికి మిగిలిందా పోయిందా అనేది మాత్రమే చెబుతుంది. మనం ఒకే సంవత్సరంలో బైవోల్టిన్ మేపుతాము, ఎండాకాలం సీబీ మేపుతాము, ఆకు మిగిలితే పక్క రైతుకు అమ్ముతాము. ఈ మూడింట్లో ఏది సంపాదించింది, ఏది తినేసింది అనేది ఆ అంకెలో కనపడదు. అది కనపడాలంటే అదే పట్టీని మూడు నిలువు గడులుగా విడదీయాలి. ఈ పాఠమంతా దాని మీదనే.

కింద రాసిన లెక్క ఒక మనిషిది కాదు. రెండెకరాల వీ-వన్ తోట, డ్రిప్పు, ఒక షెడ్డు ఉన్న రైతు ఒకరు అనుకుని, లెక్క సులువుగా నడవాలని గుండు అంకెలు పెట్టినాను. శిడ్లఘట్ట, రామనగర, హోసూరు, ఎక్కడ గూళ్లు పోసినా రేటు రోజుకొకటి, లాటుకొకటి. కాబట్టి ఈ రేట్లు పట్టుకుని తగాదా పెట్టుకోవద్దు. దారి చూడండి, మీ అంకెలు మీరు వేసుకోండి.

మొదట ఆకు లెక్క. రూపాయల కంటే ముందు ఇది రాయాలి, ఎందుకంటే మన వ్యాపారంలో ముడిసరుకు ఆకే. ఈ రైతు తోటలో సంవత్సరానికి ఎకరాకు 18 టన్నుల ఆకు వచ్చింది. రెండెకరాలకు 36,000 కిలోలు. ఐదు కోతలు, అంటే కోతకు 7,200 కిలోలు. జూలై, సెప్టెంబరు, డిసెంబరు మూడు పంటలు బైవోల్టిన్, పంటకు 600 గుడ్లు. వంద గుడ్లకు 1,100 కిలోల ఆకు అనుకుంటే పంటకు 6,600 కిలోలు, మూడు పంటలకు 19,800. ఫిబ్రవరి ఆఖరులో ఒకటి, ఏప్రిల్-మే లో ఒకటి సీబీ, పంటకు 500 గుడ్లు. వంద గుడ్లకు 1,000 కిలోల లెక్కన రెండు పంటలకు 10,000 కిలోలు. మిగిలిన ఆకు 6,200 కిలోలు అమ్మినాడు.

19,800, 10,000, 6,200 కలిపితే 36,000. ఈ కూడిక సరిపోవాలి. మీ పుస్తకంలో ఇది సరిపోకపోతే తర్వాత రాసే రూపాయలన్నీ తప్పుతాయి. చాలామందికి సరిపోదు, ఏమంటే ఆకు అమ్మేది మూటల్లో, మేపేది రెమ్మల్లో, తోట కొలిచేది గుంటల్లో. కోతకు ఒకసారి ఒక మూట కాటా మీద పెట్టండి, ఒక సాలు రెమ్మలు కోసి ఆకు దూసి తూచండి. గంట పని. ఆ రెండు తూకాలతో మిగతాదంతా లెక్క కట్టుకోవచ్చు.

ఇప్పుడు ఆకు ఖరీదు. తోటకు సంవత్సరంలో పశువుల ఎరువు 60,000, మందు ఎరువులు 40,000, కలుపు, కత్తిరింపు కూలి 64,000, దున్నకం, డ్రిప్పు రిపేరి 16,000. మొత్తం 1,80,000 రూపాయలు. దాన్ని 36,000 కిలోలకు పంచితే కిలో ఆకు 5 రూపాయలు పడింది. తోటలో పుట్టిన ఆకు కాబట్టి ఊరికే వచ్చింది అనుకునేవాళ్లు ఈ లైను దగ్గర ఆగి చూడండి. పురుగులకు వేసిన ప్రతి కిలో మీదా 5 రూపాయలు ముందే ఖర్చయిపోయి ఉంది.

ఇక పట్టీ. మూడు గడులు ఒకదాని కింద ఒకటి రాస్తున్నాను, ఫోనులో చదవడానికి వీలుగా.

బైవోల్టిన్, మూడు పంటలు, 1,800 గుడ్లు
అమ్మకం: 1,170 కిలోల గూళ్లు, సగటు 600 రూపాయలు: 7,02,000
చాకీ పురుగులు: 63,000
సున్నం, మందులు, షెడ్డు శుద్ధి: 27,000
మేత, చంద్రిక, గూళ్లు విడిపించే కూలి, 216 రోజులు: 1,08,000
బండి బాడుగ, మార్కెట్ ఖర్చు: 12,000
ఆకు 19,800 కిలోలు, 5 రూపాయల లెక్కన: 99,000
మిగులు: 3,93,000

సీబీ, రెండు పంటలు, 1,000 గుడ్లు
అమ్మకం: 460 కిలోల గూళ్లు: 1,96,000
చాకీ పురుగులు: 25,000
సున్నం, మందులు: 14,000
కూలి, 120 రోజులు: 60,000
బండి, మార్కెట్: 7,000
ఆకు 10,000 కిలోలు: 50,000
మిగులు: 40,000

ఆకు అమ్మకం
అమ్మకం: 6,200 కిలోలు, 7 రూపాయల లెక్కన: 43,400
ఆకు ఖరీదు: 31,000
మిగులు: 12,400

మూడు మిగుళ్లు కలిపితే 4,45,400. ఇంతవరకు రాసినవి ఏ గడి ఖర్చు ఆ గడిదే అని వేలు పెట్టి చూపగలిగినవి.

దీని కింద ఏ గడిదీ కాని ఖర్చులు వస్తాయి. సబ్సిడీ పోగా చేతి నుంచి పడిన షెడ్డు ఖర్చు 8 లక్షలు, 20 ఏళ్లు నిలుస్తుందనుకుంటే ఏడాదికి అరుగుదల 40,000. స్టాండ్లు, చంద్రికలు, స్ప్రేయరు లాంటి సామాను లక్షా యాభై వేలు, ఐదేళ్లకు పంచితే 30,000. లోను వడ్డీ 48,000. షెడ్డు కరెంటు, చిల్లర రిపేర్లు, తిరుగుడు 22,000. మొత్తం 1,40,000. 4,45,400 నుంచి ఇది తీసేస్తే సంవత్సరం లాభం 3,05,400 రూపాయలు.

ఇక్కడ ఒక సందేహం తప్పకుండా వస్తుంది. ఈ రైతు నగదు పుస్తకంలో సంవత్సరం ఆఖరుకు 3,90,400 మిగిలినట్టు ఉంటుంది. పట్టీలో 3,05,400 ఎట్లా అయింది? మూడు కారణాలు. కూలి 336 రోజుల్లో 150 రోజులు ఇంట్లోవాళ్లు చేసినారు, 75,000 రూపాయలు పట్టీలో ఖర్చు, నగదులో బయటికి పోలేదు. అరుగుదల 70,000 కూడా ఈ ఏడాది చేతి నుంచి పోలేదు. ఈ రెండూ లాభానికి కలిపితే 4,50,400. లోను అసలు 60,000 కట్టినాడు, అది నగదులో పోయింది కానీ పట్టీలో ఖర్చు కాదు, అప్పు తగ్గింది అంతే. అది తీసేస్తే 3,90,400. మీ పట్టీకి, మీ పుస్తకానికి తేడా వస్తే ఈ మూడు చోట్ల వెతకండి. చాకీ బాకీ, ఆకు కొన్నాయన ఇవ్వాల్సిన బాకీ ఉంటే నాలుగో చోటు అది. అరుగుదల రాయనివాళ్లు చాలామంది ఉన్నారు. ఐదేళ్లకు చంద్రికలు విరిగి కొత్తవి కొనాల్సిన రోజు ఆ 30,000 ఎక్కడుందని అడిగితే తెలుస్తుంది దాని పని.

ఇంట్లోవాళ్ల కూలి ఎందుకు రాయాలి అని అడిగే అన్నలు ఉన్నారు. ఆడవాళ్లు తెల్లవారుజామున లేచి మేత వేస్తే అది మిగులు కింద రాసుకుంటున్నాము, ఖర్చు కింద కాదు. బైవోల్టిన్ లాభం అనుకునేది కొన్ని ఇళ్లల్లో వాళ్ల కూలి డబ్బే. గడిలో రాస్తేనే అది బయటపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. పంచే పని.

లెక్కలు రాసే ఆయన ఆ 1,40,000 ఉమ్మడి ఖర్చును పంటలకు పంచుతాడు. ఐదు పంటలు, పంటకు 28,000. బైవోల్టిన్ కు 84,000, సీబీకి 56,000. ఆకు అమ్మకానికి షెడ్డు అక్కరలేదు కాబట్టి దానికి సున్న. అప్పుడు సీబీ గడిలో 40,000 మిగులు నుంచి 56,000 తీసేస్తే 16,000 నష్టం. పట్టీ చూసిన కొడుకు అంటాడు, నాయనా, సీబీ నష్టం, వచ్చే ఏడాది వద్దు అని.

అదే 1,40,000 ని అమ్మకాల లెక్కన పంచి చూడండి. మొత్తం అమ్మకం 9,41,400, అందులో సీబీది నూటికి 21 వంతులు కూడా లేదు. దానికి పడే ఉమ్మడి ఖర్చు సుమారు 29,000. అప్పుడు సీబీ 11,000 లాభం. అవే పురుగులు, అవే గూళ్లు, అదే షెడ్డు. పంచిన తీరు మారితే నష్టం లాభమైంది. ఒక గడిలో నష్టం కనిపిస్తే ఆ నష్టం పురుగు తెచ్చిందా, పంపకం తెచ్చిందా అని మొదట అడగాలి. పంపకానికి పైన ఉన్న మిగులు లైను ఈ పేచీకి దొరకదు, అందుకే నేను ముందు దాన్నే చూస్తాను.

మరి సీబీ నిజంగా మానేస్తే ఏమవుతుంది? ఇది పెన్సిలు పట్టుకుని చేయాల్సిన లెక్క. మానేస్తే పోయే అమ్మకం 1,96,000. తప్పే ఖర్చు చాకీ, మందులు, కూలి, బండి కలిపి 1,06,000. షెడ్డు అరుగుదల తప్పదు, వడ్డీ తప్పదు, బ్యాంకువాళ్లు సీబీ మేపలేదని వడ్డీ తగ్గించరు. తోట ఖర్చు కూడా తప్పదు, ఎరువు ఎరువే, కలుపు కలుపే. కాబట్టి ఆ 10,000 కిలోల ఆకు ఎవరికీ అమ్మకుండా చెట్టు మీద ముదిరిపోతే సంవత్సరం లాభం 90,000 తగ్గి 2,15,400 అవుతుంది. నష్టం వచ్చే గడిని తీసేస్తే లాభం పెరగాలి కదా, తగ్గింది. నష్టం అని పట్టీ చెప్పిన గడి షెడ్డు బరువులో కొంత మోస్తున్నది. అది దిగిపోతే ఆ బరువు బైవోల్టిన్ మీద పడుతుంది.

ఆకంతా 7 రూపాయలకు అమ్ముకోగలిగితే 70,000 వస్తుంది. అప్పుడు లాభం 2,85,400. అప్పటికీ సీబీ మేపినదాని కంటే 20,000 తక్కువ.

దీన్ని ఇంకా చిన్నగా చేసి చూసే దారి ఒకటి ఉంది, నాకు ఎక్కువ పనికొచ్చేది అదే. ఒక్కో గడిలో అమ్మకం నుంచి ఆకు తప్ప మిగతా సొంత ఖర్చులు తీసేసి, తిన్న ఆకు కిలోలతో భాగించండి. కిలో ఆకు ఆ గడిలో ఎంత సంపాదించింది అనేది వస్తుంది. బైవోల్టిన్ లో 7,02,000 నుంచి 2,10,000 తీసేస్తే 4,92,000. దాన్ని 19,800 తో భాగిస్తే కిలోకు దాదాపు 25 రూపాయలు. సీబీలో 90,000 ని 10,000 తో భాగిస్తే 9 రూపాయలు. ఆకు అమ్మితే 7 రూపాయలు.

మూడు అంకెలు పక్కపక్కన పెడితే మాటలు అక్కరలేదు. ఆకు రేటు 9 రూపాయలు దాటే వరకు సీబీ మేపడం మేలు, దాటితే అమ్మడం మేలు. బైవోల్టిన్ జోలికి పోవద్దు. గూడు రేటు కిలోకు సీబీది ఇంత, బైవోల్టిన్ ది అంత అని పోల్చుకుంటూ కూర్చునేదాని కంటే ఈ పోలిక గట్టిది, ఎందుకంటే మన దగ్గర కొరతగా ఉండేది ఆకే. కొందరికి ఆకు బోలెడు ఉండి షెడ్డు చాలదు. వాళ్లు కిలో ఆకుకు బదులు షెడ్డు నిండిన రోజులతో భాగించుకోవాలి. మనుషులు దొరకని ఊళ్లో కూలి రోజులతో భాగించాలి. ఏది కొరతో దానితో భాగించండి.

అట్లయితే మిగిలిన ఆకంతా బైవోల్టిన్ కే వేయొచ్చు కదా, కిలోకు 25 వస్తుంటే 7 కి ఎందుకు అమ్మాలి అని అడగొచ్చు. బైవోల్టిన్ పంటల్లో ఈ రైతు 7,200 కిలోల్లో 6,600 మేపి 600 మిగుల్చుకుంటున్నాడు. అది ఉపేక్ష కాదు. పురుగు జీవితమంతా తినే ఆకులో నూటికి ఎనభై వంతుల దాకా ఐదో దశలోనే తింటుంది. ఆ వారం వాన పట్టి ఆకు తడిసినా, తోటలో ఒక మూల ఎండినా, మిగులు ఆకు లేనివాడు అడిగిన రేటుకు కొనాలి. ఆ 600 కిలోలు పురుగులు చంద్రిక ఎక్కినాకనే అమ్మాలి, ముందు కాదు. ఎండాకాలంలో బైవోల్టిన్ వేస్తే 25 రూపాయల అంకె 25 గా నిలవదు, మన వైపు ఎండకు ఆ పురుగు తట్టుకోవడం కష్టం. డిసెంబరు అంకెను తీసుకుని మే నెలకు అంటించడం పట్టీ చదివేవాళ్లు చేసే పెద్ద తప్పు.

ఆ మాట మీదనే సీబీ గడిని ఇంకో గీత గీసి రెండు ముక్కలు చేద్దాము. రెండు పంటలు కలిపి 40,000 మిగులు అని రాసినాము కదా. విడివిడిగా చూడండి.

ఫిబ్రవరి పంటలో 300 కిలోలు వచ్చి 440 కి పోయినాయి, 1,32,000. సొంత ఖర్చు 53,000, ఆకు 25,000. మిగులు 54,000. ఏప్రిల్-మే పంటలో 160 కిలోలే వచ్చి 400 కి పోయినాయి, 64,000. ఖర్చు మాత్రం అదే 53,000, ఆకు అదే 25,000. నష్టం 14,000. ఐదో దశలో ఆకంతా తిన్నాక పురుగులు సోలిపోయి, ఒళ్లు మెత్తబడి రాలిపోయినాయి. ఎండాకాలం ఫ్లాచరీ వచ్చే సమయం అదే, ఖర్చంతా అయిపోయినాక. మూడో జ్వరం దాటకముందు పోయిన పంట చాకీ డబ్బుతో పోతుంది. ఐదో దశలో పోయిన పంట ఆకు, కూలి, చాకీ అన్నీ తీసుకుపోతుంది.

కాబట్టి సీబీ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే సరైంది కాదు. ఫిబ్రవరి సీబీలో కిలో ఆకు దాదాపు 16 రూపాయలు సంపాదించింది. ఏప్రిల్ సీబీలో 2 రూపాయల 20 పైసలు. సగటు తీసి 9 అన్నాము. సగటు రెండు పంటల గురించీ అబద్ధమే చెప్పింది.

మరి ఏప్రిల్ పంట మానేయాలా? ఒక ఏడాది పట్టీ చూసి ఆ మాట అనకూడదు. పాత పుస్తకాలు తీయాలి. మంచి ఏడాదిలో ఏప్రిల్ పంటకు 250 కిలోలు వచ్చి 420 కి పోయినాయి అనుకోండి. 1,05,000 నుంచి 53,000 తీసేస్తే 52,000, కిలో ఆకుకు 10 రూపాయల 40 పైసలు. మూడేళ్లలో రెండేళ్లు ఇట్లా, ఒక ఏడు రోగం అయితే, 10.40, 10.40, 2.20 కలిపి మూడుతో భాగిస్తే 7 రూపాయల 67 పైసలు. ఆకు అమ్మితే 7. తేడా 67 పైసలు. 5,000 కిలోలకు మూడు వేల మూడు వందల చిల్లర. ఇంత తేడా కోసం మే నెల ఎండలో షెడ్డు పైన గోనెసంచులు తడుపుతూ, రాత్రి పగలు మేల్కొని, మూడో ఏట రోగం భయంతో మేపాలా అనేది ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాలి. నా మట్టుకు నేనైతే ఆ కోతలో సగం గుడ్లే వేసి, మిగతా ఆకు అమ్ముతాను. కూలి సగం అవుతుంది, షెడ్డులో పురుగులు పలచగా పడి గాలి ఆడుతుంది, పలచగా ఉన్న పురుగుకు రోగం కూడా తక్కువ.

ఆకు అమ్మే గడికి కూడా ఒక హద్దు ఉంది, అది పట్టీలో కనపడదు. 6,200 కిలోలు 7 రూపాయలకు పోయినాయి అంటే 16,000 కిలోలు కూడా అదే రేటుకు పోతాయని కాదు. ఆకు మూడు నాలుగు ఊళ్లు దాటి పోదు, ఎండకు మూటలోనే వాడిపోతుంది. పక్కన ఎవరికి ఏ తేదీకి ఎంత కొరత ఉందో అంతే మన గిరాకీ. చాకీ తెచ్చుకునే ముందే కొనేవాడితో మాట అయిపోవాలి, రేటు, తూకం, ఎవరు కోయాలి అన్నీ. కొనేవాడి మనుషులు మొదలు చీల్చి కోసి పోతే ఆ నష్టం తర్వాతి కోతలో, అంటే బైవోల్టిన్ గడిలో తేలుతుంది. ఆకు అమ్మకం గడి మాత్రం నవ్వుతూనే ఉంటుంది.

పురుగుల పెంట, తిని వదిలిన రెమ్మలు గురించి ఒక్క మాట. దాన్ని అమ్మితే ఆ పంట గడిలోనే అమ్మకంగా రాయండి. కంపోస్టు చేసి తోటకే వేస్తే తోట ఖర్చులో కొనే ఎరువు తగ్గుతుంది, అక్కడే దాని లాభం వస్తుంది. రెండు చోట్లా రాయవద్దు. షెడ్డు సబ్సిడీ డబ్బు ఏ గడిలోనూ అమ్మకంగా రాయవద్దు. కొందరు ఆ ఏడాది బైవోల్టిన్ గడిలో వేసేసి, తర్వాతి ఏడాది పంట పడిపోయిందని భయపడతారు.

ఇవన్నీ రాయడానికి పెద్ద చదువు అక్కరలేదు. పంట మొదలైన రోజు పుస్తకంలో ఒక పేజీ ఆ పంటకే ఇవ్వండి. పైన గుడ్లు ఎన్ని, చాకీ ఎంతకు, తేదీ. మేత మొదలైనాక రోజుకు ఎన్ని మూటలు, ఎంతమంది కూలి, ఇంట్లోవాళ్లు ఎంతమంది. ఆఖరున మార్కెట్ బిల్లు మీద ఉన్న తూకం, రేటు. బిల్లు శిడ్లఘట్టలో కన్నడంలో ఉంటుంది, హోసూరులో తమిళంలో ఉంటుంది, మన లెక్క మాత్రం తెలుగులో నడుస్తుంది, పర్వాలేదు, అంకెలు అన్ని చోట్లా ఒకటే. బిల్లును ఫోటో తీసి ఊరుకోకుండా ఆ పేజీకే పిన్ను కొట్టండి. రేట్లు సగటు వేసేటప్పుడు లాటు రేట్లను ఊరికే కలిపి భాగించవద్దు, మొత్తం వచ్చిన డబ్బును మొత్తం కిలోలతో భాగించండి. 100 కిలోలు 600 కి, 20 కిలోలు 300 కి పోతే సగటు 450 కాదు, 550.

ఐదు పంటలకు ఐదు పేజీలు, తోట ఖర్చుకు ఒక పేజీ, ఉమ్మడి ఖర్చుకు ఒక పేజీ. ఏడు పేజీలతో సంవత్సరం పట్టీ తయారవుతుంది. జూన్ లో మొదలుపెట్టి మే ఆఖరుకు ముగిస్తే ఒక కోత ఇటు, ఒక కోత అటు తెగిపోకుండా ఐదు కోతలూ ఒకే పట్టీలో కూర్చుంటాయి. బ్యాంకుకు మార్చి పట్టీ వేరే కావాలంటే అది లెక్కలాయన చూసుకుంటాడు, మన నిర్ణయాలకు మన పట్టీ.

ఎవరైనా తమ పోయిన ఏడాది అంకెలు ఇట్లా గడులు చేసుకుని చూడాలనుకుంటే, ముందు ఆకు కిలోలు కూడి తోట మొత్తంతో సరిపోయిందో లేదో చూసుకుని, ఆ ఒక్క కూడిక ఇక్కడ పెట్టండి. పేరు, ఊరు అక్కరలేదు. వచ్చే వారం వాటిలో ఒకటి తీసుకుని కిలో ఆకుకు ఎంత వచ్చిందో అందరం కలిసి కడదాము.